స్టోరీ చూశాడు, బర్త్‌డే విష్ పంపాడు... అయితే ఏంటి?

"అక్కా, మళ్లీ చూశాడు."

ఈ మాట నేను ఒక మూడు వారాల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మా ఆఫీసులో నాకంటే ఆరేళ్లు చిన్నదైన అమ్మాయి. నాలుగేళ్ల ప్రేమ తెగిపోయి అప్పటికి పద్నాలుగు నెలలు. విడిపోదామన్నది అతనే. బ్లాక్ చేసుకోలేదు, తిట్టుకోలేదు, మాట్లాడుకోవడం మాత్రం ఆగిపోయింది. కానీ తను ఇన్‌స్టాలో స్టోరీ పెట్టగానే, చూసినవాళ్ల లిస్టులో అతని పేరు. ఒక్కోసారి నాలుగో పేరు, ఒక్కోసారి రెండో పేరు. ఫోన్ నా ముందు పెట్టి, వేలితో ఆ పేరు చూపించి, నా మొహంలోకి చూసేది. నేనేదో జాతకం చెబుతానన్నట్టు.

జాతకం చెప్పడం నాకు రాదు. కానీ ఈ చిక్కు విప్పడానికి ఒక దారి ఉంది. ఎక్స్ మనసులో ఏముందో ఊహించడం కాదు, అతను చేసిన పని అసలు ఏంటో ముందు చూడటం. "చూశాడు" అనే మాటకీ, లిస్టులో పేరు రావడానికీ మధ్య చాలా దూరం ఉంది.

ముందు యాప్ ఏం చేస్తుందో చూద్దాం. ఇన్‌స్టాలో స్టోరీ 24 గంటలు ఉంటుంది. ఎవరెవరు చూశారన్న లిస్టు మాత్రం పెట్టినవాళ్లకి 48 గంటల వరకూ కనిపిస్తుంది. ఒకరి స్టోరీ అయిపోగానే పక్కవాళ్లది దానంతటదే మొదలవుతుంది. అంటే అతను ఎవరో స్నేహితుడి స్టోరీ తెరిచి, ఫోన్ చేతిలో పట్టుకుని వేరే ఏదో ఆలోచిస్తూ కూర్చున్నా, వరసలో తర్వాత నీది ఉంటే అతని పేరు నీ లిస్టులో పడిపోతుంది. నీ ఫొటో చూసి నిట్టూర్చినవాడి పేరూ, బొటనవేలితో టకటకా దాటించేసినవాడి పేరూ ఆ లిస్టులో ఒక్కలాగే కనిపిస్తాయి. ఎంతసేపు చూశాడు, ఒక్కసారే చూశాడా, మూడుసార్లు చూశాడా అన్నది పేరు పక్కన రాసి ఉండదు.

పైన వరసగా కనిపించే గుండ్రటి బొమ్మలు ఉన్నాయి కదా, వాటి క్రమం కూడా యాప్ ఊరికే పెట్టదు. నువ్వు ఎవరి స్టోరీలు ఎక్కువగా చూస్తావో, ఎవరితో మెసేజీలూ లైకులూ నడిపావో, ఎవరితో నీకు దగ్గరి సంబంధం ఉన్నట్టు తోస్తుందో చూసుకుని వాళ్లని ముందుకు తెస్తుంది. నాలుగేళ్లు రాత్రీపగలూ మాట్లాడుకున్న ఇద్దరి విషయంలో యాప్‌కి ఎలాంటి లెక్క తేలుతుందో ఊహించుకో. పైగా ఇది గానుగలా తిరుగుతుంది. చూస్తాడు కాబట్టి నీ బొమ్మ ముందుకొస్తుంది, ముందుకొస్తుంది కాబట్టి చూస్తాడు. విడిపోయిన సంగతి మనుషులకి తెలుసు, వరస పేర్చే యంత్రానికి తెలియదు.

ఇక లిస్టులో పేరు ఎన్నో స్థానంలో ఉందన్నది. దీని మీద జరిగినంత పరిశోధన బహుశా గ్రహాల మీద కూడా జరిగి ఉండదు. పై పేర్లు మన ప్రొఫైల్‌ని ఎక్కువగా చూసేవాళ్లవే అని ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. ఆ వరసలో మనం చేసే పనులకి కూడా పాత్ర ఉంటుంది. మనం ఎవరి ప్రొఫైల్ తెరుస్తాం, ఎవరితో మాట్లాడతాం అన్నది కూడా అందులో కలుస్తుంది. కాబట్టి అతని పేరు పైకి రావడం, రోజుకి పదిసార్లు అతని ప్రొఫైల్ తెరుస్తున్న నీ వేలి పనే కావచ్చు. ఈ మాట చెప్పినప్పుడు ఆ అమ్మాయి ఫోన్ బోర్లా పెట్టేసింది.

వాట్సాప్ స్టేటస్ సంగతి ఇంకొంచెం వేరు. అక్కడ రీడ్ రిసీట్స్, అదే నీలం టిక్కులు, ఆఫ్ చేసుకున్నవాళ్లు మన స్టేటస్ చూసినా మనకి తెలియదు. కాబట్టి అక్కడ పేరు కనిపించలేదంటే చూడలేదని అర్థం కాదు.

ఇంత చెప్పాక కూడా ఆమె వదల్లేదు. "సరే అక్కా, ఒకటీ రెండూ అయితే పొరపాటనుకుందాం. ప్రతిదీ చూస్తున్నాడు కదా?" న్యాయమైన ప్రశ్నే. అందుకే లెక్క తీద్దామన్నాను. మూడు వారాలు ఆమె ఒక కాగితం మీద రాసుకుంది. ఆ మూడు వారాల్లో పెట్టిన స్టోరీలు 31. అతను చూసినవి 27. ఆ అంకె చూడగానే ఆమె కళ్లు మెరిశాయి.

ఇక్కడే అందరం పప్పులో కాలేస్తాం. 27 అన్నది ఎక్కువా, తక్కువా? దేనితో పోల్చి? ఒక పనికి అర్థం చెప్పాలంటే వేసుకోవాల్సిన ప్రశ్న "ప్రేమ ఉంటే ఇలా చేస్తాడా?" అన్నది కాదు. ప్రేమ ఉంటే చేస్తాడు, అందులో అనుమానం లేదు. అడగాల్సింది రెండో ప్రశ్న: "ప్రేమ లేకపోయినా ఇలాగే చేసేవాడా?" దానికి జవాబు అవును అయితే, ఆ పని ఎంత తరచుగా జరిగినా మనకి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

ఇద్దరికీ తెలిసిన స్నేహితురాలు ఒకరున్నారు. పెళ్లయి ఇద్దరు పిల్లలు, పెట్టేవి ఎక్కువగా తన పెంపుడు పిల్లి ఫొటోలు. ఆవిడని అడిగితే అదే మూడు వారాల్లో 19 స్టోరీలు పెట్టారు, అతను 17 చూశాడు. నూటికి లెక్క వేస్తే ఈ అమ్మాయివి 87, పిల్లివి 89. పిల్లి రెండు మార్కులు ముందుంది.

నవ్వొచ్చే మాటే కానీ ఆమె నవ్వలేదు. కాసేపు ఆగి, "నా కబుర్లు ఏమైనా తెలుస్తాయేమోనని వాళ్లవి కూడా చూస్తున్నాడేమో" అంది. దింపుడు కళ్లం ఆశ అంటే ఇదే. చూస్తే నా మీద ప్రేమ, అందరివీ చూస్తే నా కోసమే అందరివీ, చూడకపోతే తట్టుకోలేక చూడట్లేదు. ఏం జరిగినా ఒకే జవాబు వస్తోందంటే, ఆ జవాబు జరిగినదాంట్లోంచి రావట్లేదు. ముందే మనసులో ఉంది.

ఆ కాగితంలో ఇంకో చిన్న విషయం ఉంది. అతను చూడని నాలుగూ ఆమె వరసగా ఐదారు స్టోరీలు పెట్టిన రోజుల్లోవి, అవి కూడా ఆ వరసలో చివరివి. అంటే మధ్యలోనే బయటికి వచ్చేశాడు. ఆమె కోసమే వచ్చినవాడు చివరిది వదిలేసి వెళ్లడం తక్కువ. ఇది రుజువు కాదు, కానీ అతను అలవాటుగా వేలు జరుపుతున్నాడన్న వైపే కొంచెం మొగ్గు.

అన్ని చూపులూ ఒకటే అని చెప్పట్లేదు. అతను నిన్ను ఫాలో కావట్లేదు, నీ అకౌంట్ పబ్లిక్, అయినా అతని పేరు రోజూ లిస్టులో ఉందంటే అది వేరే సంగతి. అది వరసలో దానంతటదే వచ్చి పడేది కాదు. దాదాపుగా నీ పేరు వెతుక్కుని వచ్చి ఉండాలి. అందులో ఉద్దేశం ఉంది. అయితే అది నీ గురించి తెలుసుకోవాలన్న ఉద్దేశమే తప్ప, తిరిగి రావాలన్న ఉద్దేశం కానక్కర్లేదు. తన నిర్ణయం సరైనదేనా అని చూసుకునేవాళ్లుంటారు. నువ్వు బాగున్నావని తెలిస్తే తన తప్పు తేలికవుతుందని చూసేవాళ్లుంటారు. నీకు ఇంకెవరైనా దొరికారా అన్న పోటీ కొద్దీ చూసేవాళ్లుంటారు. ఎదుటివాళ్లు ఇంకా అందుబాటులోనే ఉన్నారని తెలిస్తే కలిగే ఒక చిన్న తృప్తి కోసం చూసేవాళ్లూ ఉంటారు, అది వాళ్లు తమతో కూడా ఒప్పుకోరు.

ఇంకో మాట. నాకు తెలిసిన ఒకతను విడిపోయిన అమ్మాయిని ఎనిమిది నెలలు మర్చిపోలేక అల్లాడిపోయాడు. ఆ ఎనిమిది నెలల్లో ఆమె లిస్టులో అతని పేరు ఒక్కసారి కూడా పడలేదు. చూడకపోవడం వల్ల కాదు, పేరు కనిపిస్తుందన్న భయంతో వేరే పేరుతో అకౌంట్ తెరిచి దాంట్లోంచి చూశాడు. నిజంగా గుండెల్లో నొప్పి ఉన్నవాడికి తన పేరు అక్కడ పడటం పెద్ద విషయం. ఏ జంకూ లేకుండా పిల్లి ఫొటోతో పాటు నీ ఫొటో కూడా చూసేసేవాడికి అది పెద్ద విషయం కాదన్నమాట. ఇది అందరికీ వర్తించే సూత్రం కాదు, కానీ లిస్టు చూసి గుండె చదవడం ఎంత తలకిందులయ్యే వ్యవహారమో చెప్పడానికి చాలు.

మరి ఇంత తక్కువ సంగతి మనిషిని ఇంతగా ఎందుకు పట్టి ఊపుతుంది? దీని జవాబు అతనిలో లేదు. ఎప్పుడొస్తుందో తెలియని ఫలితం దగ్గర ప్రాణులు ఎలా ఇరుక్కుపోతాయో మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాల్లో ఎప్పుడో చూపించాడు. మీట నొక్కిన ప్రతిసారీ గింజ వచ్చి, తర్వాత రావడం ఆగిపోతే పక్షి కాసేపట్లో మానేస్తుంది. ఒకసారి వచ్చి, నాలుగుసార్లు రాక, మళ్లీ ఎప్పుడో వచ్చేట్టు చేసి, ఆ తర్వాత పూర్తిగా ఆపేసినా ఆ పక్షి చాలాకాలం నొక్కుతూనే ఉంటుంది. స్టోరీ పెట్టడం, పది నిమిషాలకోసారి లిస్టు తెరవడం, పేరు ఉందో లేదో చూడటం, సరిగ్గా ఆ మీటే. అతను రోజూ నియమంగా చూసినా, ఏ నిమిషంలో పేరు పడుతుందో తెలియదు కాబట్టి తెరవాలనిపిస్తూనే ఉంటుంది.

అందుకే నేను ఆ కాగితం మీదే ఇంకో గీత గీసి, ఇంకో లెక్క రాయమన్నాను. అతను చూసినవి కాదు, ఆ 31 స్టోరీల్లో తను ఎవరికోసం పెట్టిందో నిజాయితీగా రాయమన్నాను. రెండు రోజులు తప్పించుకుంది. మూడో రోజు కాగితం ఇచ్చింది. 22 పక్కన చిన్న టిక్ ఉంది. కొత్త డ్రెస్సు, ట్రిప్పులో నవ్వుతున్న ఫొటో, ఎవరో పెట్టిన కొటేషన్, అర్థరాత్రి పెట్టిన పాట. అన్నీ వందలమందికి కనిపించేవే, కానీ ప్రేక్షకుడు ఒక్కడే. "అతను నన్ను గమనిస్తున్నాడు" అని మూడు వారాలుగా ఆమె చెప్పింది. కాగితం మీద మాత్రం ఆమే అతన్ని గమనిస్తోంది.

దీనికి ఎంత మూల్యమో పరిశోధకులు కొలిచే ప్రయత్నం చేశారు. టారా మార్షల్ అనే మనస్తత్వవేత్త 2012లో 464 మంది మీద చేసిన అధ్యయనంలో, ఫేస్‌బుక్‌లో ఎక్స్ పేజీని ఎక్కువగా చూసేవాళ్లలో బాధ, కోపం, ఇంకా కావాలన్న తపన ఎక్కువగా కనిపించాయి. విడిపోయాక ఎదగడం తక్కువగా కనిపించింది. చూడటం వల్ల బాధ పెరిగిందా, బాధ ఎక్కువ కాబట్టి చూశారా అన్నది ఇలాంటి అధ్యయనంతో తేలదు. నా మటుకు నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. దురద పెడితే గోకుతాం, గోకితే ఇంకా పెడుతుంది.

ఇది ఇలా నడుస్తుండగానే ఆమె పుట్టినరోజు వచ్చింది.

రాత్రి పన్నెండింటి దాకా మేలుకుంది. రాలేదు. పొద్దున రాలేదు. సాయంత్రానికి ఆశ వదిలేసుకుంది. రాత్రి 9:40కి వచ్చింది: "హ్యాపీ బర్త్‌డే! బాగున్నావా? ఈ ఏడాది నీకు అన్నీ మంచే జరగాలి."

మర్నాడు ఈ ఒక్క మెసేజ్‌ని మేమిద్దరం టీ తాగుతూ ముప్పావుగంట చదివాం. ఆమె వాదన: "రోజంతా పంపాలా వద్దా అని తన్నుకుని చివరికి పంపాడు. విష్ ఒక్కటే పంపొచ్చు కదా, బాగున్నావా అని ఎందుకు అడిగాడు?" నా వాదన: పొద్దున ఫేస్‌బుక్ గుర్తు చేసి ఉంటుంది, పనిలో పడి మర్చిపోయి ఉంటాడు, రాత్రి గుర్తొచ్చి ఉంటుంది. 9:40 అన్న అంకెతో రెండు కథలూ సరిపోతాయి. కాబట్టి ఆ అంకెని పక్కన పెట్టేయాలి.

విడిపోయినవాళ్లు పలకరింపు ఎందుకు నిలుపుకుంటారన్నదానికి 2017లో వచ్చిన ఒక అధ్యయనం నాలుగు రకాల కారణాలు చెప్పింది. ఒకటి, ఆ మనిషి ఇచ్చే ధైర్యం, నమ్మకం పోగొట్టుకోవడం ఇష్టం లేకపోవడం. రెండోది అవసరం: పిల్లలు, డబ్బు, ఒకే చోట పని. మూడోది మర్యాద, మొహమాటం, చెడ్డవాడు అనిపించుకోకూడదన్న ఆలోచన. నాలుగోది చావని ప్రేమ. విష్ అందుకున్న మనిషికి ఈ నాలుగింటిలో నాలుగోది ఒక్కటే కనిపిస్తుంది. విడిపోదామని తనే అన్న మనిషికి మాత్రం మూడోది చాలా బలమైన కారణం. "తెగదెంపులు చేసుకున్నా నేను మంచివాడినే" అని తనకి తాను చెప్పుకోవడానికి ఏడాదికో మెసేజ్ కంటే చవకైన దారి లేదు. అందులో మోసం కూడా లేదు, నిజంగానే నీ మంచి కోరుతూ ఉండొచ్చు. మంచి కోరడం, నిన్ను కోరుకోవడం రెండు వేరు వేరు సంగతులు.

పుట్టినరోజుకి ఒక ప్రత్యేకత ఉంది. ఏ సాకూ వెతుక్కోకుండా ఎక్స్‌కి మెసేజ్ పెట్టగలిగే రోజు అది. మామూలు మంగళవారం నాడు "ఎలా ఉన్నావు" అని పంపితే, ఎందుకు పంపావని అడిగితే జవాబు చెప్పుకోవాలి. పుట్టినరోజు నాడు ఎవరూ అడగరు. మర్యాదస్తుడికీ ఆ రోజే వీలు, ప్రేమ చావనివాడికీ ఆ రోజే వీలు. ఇద్దరూ ఒకే తలుపు దగ్గర, ఒకే మాటతో నిలబడతారు. అందుకే విష్‌ని ఎంత చదివినా తేలదు. తేలేది మర్నాటి నుంచి. మర్యాద కోసం పంపినవాడి పని ఆ రోజుతో అయిపోతుంది. పుట్టినరోజుని సాకుగా వాడుకున్నవాడికి అది మొదలు మాత్రమే, మర్నాడో మూడో రోజో ఇంకో మాట వస్తుంది, ఈసారి సాకు లేకుండా.

ఆ రాత్రి సంభాషణ పూర్తిగా ఇదీ. ఆమె నాలుగుసార్లు రాసి చెరిపి, చివరికి పంపింది: "థాంక్యూ! నేను బాగానే ఉన్నా. నువ్వెలా ఉన్నావు? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా?" పదకొండు నిమిషాల తర్వాత జవాబు: "అందరం బాగున్నాం. ఎంజాయ్ యువర్ డే!" పక్కన ఒక కేకు బొమ్మ.

ప్రశ్నలు లెక్కపెట్టు అన్నాను. అతను ఒకటి అడిగాడు, అది విష్‌తో పాటు వచ్చే ప్రశ్న. ఆమె రెండు అడిగింది, అందులో ఒకటి నాలుగేళ్ల దగ్గరితనం ఉంటే తప్ప అడగలేనిది. ఆ రెండిటికీ కలిపి అతను రెండు మాటల్లో జవాబిచ్చి, తిరిగి ఒక్కటి కూడా అడగలేదు. "అమ్మ నొప్పి గుర్తుందా నీకు" అనలేదు. "అందరం" అన్న మాటలో అమ్మ ఎక్కడో కలిసిపోయింది. ఇక "ఎంజాయ్ యువర్ డే" అన్నది మర్యాదగా ఫోన్ పెట్టేయడం. రాత్రి పది కావస్తుంటే ఇంక ఎంజాయ్ చేయడానికి రోజెక్కడుంది?

మాట్లాడాలనుకునే మనిషి మెసేజ్‌లో కొక్కెం ఉంటుంది. నువ్వు చెప్పినదాంట్లోంచి ఒక ముక్క పట్టుకుని దాని మీద అడుగుతాడు. ఇది ప్రేమకే కాదు, ఏ సంభాషణకైనా అంతే. అందుకే మొదటి మెసేజ్ కంటే రెండోది, మూడోది ఎక్కువ చెబుతాయి.

నిజంగా తిరిగి రావాలనుకున్నవాళ్లు ఏం చేస్తారో చూసిన సందర్భాలూ ఉన్నాయి. వాళ్ల పనులన్నింటిలో ఒక్క పోలిక కనిపిస్తుంది: ఏదో ఒకటి పోగొట్టుకునే ప్రమాదం ఉంటుంది. స్టోరీ చూస్తే పోయేదేమీ లేదు. విష్ పెడితే పోయేదేమీ లేదు. "నేను అప్పుడు చేసింది తప్పు" అని రాస్తే పరువు పోవచ్చు. "కలుద్దామా" అని అడిగితే కాదనిపించుకోవచ్చు. విడిపోవడానికి కారణమైన అసలు సంగతి, అది ఇంట్లోవాళ్ల అభ్యంతరమో, అబద్ధమో, దూరమో, దాన్ని తనే పేరు పెట్టి ఎత్తితే అది బరువైన మాట. పాత జ్ఞాపకాలు మాత్రమే తవ్వి, ఆ కారణం దగ్గరికి వచ్చేసరికి టాపిక్ మార్చేస్తే, అతనికి కావలసింది ఆ రోజుల రుచి, ఈ రోజు నువ్వు కాదు. రాత్రి పదకొండు దాటాకే గుర్తొచ్చి పొద్దున్నే మాయమయ్యే మెసేజీలు కూడా ఈ కోవలోవే.

మధ్యలో ఒక రకం ఉంది, నన్ను ఎక్కువగా చికాకు పెట్టేది అదే. ఒంటరితనం వచ్చినప్పుడల్లా ఒక లైకో, ఒక నిప్పు బొమ్మో, "ఈ పాట వింటే నువ్వే గుర్తొచ్చావు" అనో పంపి, నువ్వు దగ్గరికి జరగగానే రెండు వారాలు కనిపించకుండా పోయేవాళ్లు. వాళ్లకి తమ మనసు తమకే తెలియకపోవచ్చు, చెడ్డతనం కాకపోవచ్చు. కానీ నీ వైపు నుంచి చూస్తే ఫలితం ఒకటే, పావురం మళ్లీ మీట దగ్గరికి వస్తుంది. వీళ్లని ఒక్క మెసేజ్‌తో పట్టుకోలేం. నెలరోజుల మెసేజీలు వెనక్కి జరిపి ఒకేసారి చదివితే తెలుస్తుంది: నువ్వు మౌనంగా ఉన్న తర్వాతే వాళ్లకి మాట వస్తోందా, నువ్వు మాట్లాడిన తర్వాత ఆగిపోతోందా?

పుట్టినరోజు తర్వాత రెండు వారాలు చూద్దామనుకున్నాం. ఏమీ రాలేదు. స్టోరీలు మాత్రం చూస్తూనే ఉన్నాడు. ఈ దశలో చాలామంది పరీక్షలు పెడతారు. ఇంకెవరితోనో ఉన్నట్టు ఫొటో పెట్టి చూడటం, వారం పాటు ఏమీ పెట్టకుండా ఉండి అడుగుతాడేమో చూడటం. ఇవి పనిచేయవు. అడిగితే ఈర్ష్యో, ఆందోళనో, ఊరికే అడిగాడో తెలియదు. అడగకపోతే గమనించలేదో, గమనించి ఊరుకున్నాడో తెలియదు. పరీక్ష పెట్టినవాళ్లకే నిద్ర ఉండదు.

తెలుసుకునే దారి అడగడం ఒక్కటే, అది కూడా తట్టుకునే ఓపిక ఉన్న రోజున. ఎలా అడగాలన్నది మాత్రం ముఖ్యం. "నా స్టోరీలు ఎందుకు చూస్తున్నావు?" అని అడిగితే అతను స్టోరీల గురించి జవాబిస్తాడు, "ఊరికే కనిపిస్తే చూశాను" అని. అది నిజం కూడా కావచ్చు. అడగాల్సింది నీ సంగతి చెప్పి. ఆమె పంపింది ఇది: "నువ్వు పలకరిస్తే నాలో మళ్లీ ఆశ పుడుతోంది. నీ మనసులో అలాంటిదేమైనా ఉంటే చెప్పు, మాట్లాడుకుందాం. లేకపోయినా చెప్పు, నేను సర్దుకుంటాను." దీనికి వచ్చే జవాబు ఏదైనా పనికొస్తుంది. అవునంటే ఒక రోజు, ఒక చోటు అనుకుని కలుస్తారు. కాదంటే తెలిసిపోతుంది. "చూద్దాం, ఇప్పుడేం చెప్పలేను" అంటే దాన్ని కాదనే లెక్కలోనే వేసుకోవాలని నా అభిప్రాయం. కావాలనుకున్నవాడికి కావాలని చెప్పడానికి ఇంతకంటే తేలికైన సందర్భం దొరకదు.

అతను గంటలోపే జవాబిచ్చాడు. "అయ్యో, నువ్వు అలా తీసుకుంటావనుకోలేదు. పుట్టినరోజు కదా అని పంపాను. నీకు ఇబ్బందైతే ఇక పంపను. సారీ." ఆమె మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి వెళ్లిపోయింది. నాకు అతని మీద కోపం రాలేదు. పద్నాలుగు నెలల్లో అతను పంపిన వాటిలో నిజంగా ఏదైనా చెప్పిన మెసేజ్ అదొక్కటే.

ఆ తర్వాత చేసింది సెట్టింగుల పని. ఇందులో తేడాలు చాలామందికి తెలియవు. మ్యూట్ చేస్తే అతని పోస్టులూ స్టోరీలూ నీ ముందుకు రావు, అతను మాత్రం నీవి చూస్తూనే ఉంటాడు. అంటే అతన్ని నువ్వు చూడకుండా ఆపుతుంది కానీ లిస్టులో పేరుని ఆపదు. ఆమెని తినేస్తున్నది లిస్టు. దానికి కావలసింది స్టోరీ అతనికి కనిపించకుండా దాచే సెట్టింగ్. ఈ రెండు పనులు చేసినట్టు అవతలివాళ్లకి యాప్ చెప్పదు, కాబట్టి గొడవ ఉండదు. బ్లాక్ అయితే వెతికినా దొరకకుండా పోవడం వల్ల ఎప్పుడో ఒకప్పుడు తెలిసిపోతుంది, అది ఒక ప్రకటన లాంటిది. ఆమె మొదటి రెండూ చేసింది. బ్లాక్ చేస్తే "చేశానని చూశాడా" అని ఇంకో లిస్టు మొదలవుతుందని తనే అంది, తెలివైన పిల్ల.

పూర్తిగా దూరం పెట్టడం కఠినం కదా అనేవాళ్లుంటారు. డేవిడ్ స్బారా, రాబర్ట్ ఎమరీ అనే ఇద్దరు పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్తగా విడిపోయిన కాలేజీ వయసువాళ్ల మనసు రోజురోజుకీ ఎలా ఉందో నాలుగు వారాలు రాయించారు. ఎక్స్‌తో మాటలు కొనసాగినవాళ్లలో ప్రేమ, దిగులు రెండూ మిగతావాళ్లలో కంటే మెల్లగా తగ్గాయి. పెద్ద సంఖ్య కాదు, వాళ్లు చూసింది అప్పుడే విడిపోయినవాళ్లని, ఏడాది దాటినవాళ్లని కాదు. అయినా పుండు మీద పొక్కు గిల్లుతూ ఉంటే మానదన్నది కొలిచి చూపించినట్టే. పిల్లలున్నవాళ్లకీ ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లకీ పూర్తి మౌనం కుదరదు. వాళ్లు చేయగలిగింది మాటని పనికి పరిమితం చేసి, స్టోరీలు దాచుకోవడం.

ఇంకో సంగతి ఈ లెక్కలోకి రాదు. వద్దని స్పష్టంగా చెప్పాక కూడా కొత్త అకౌంట్లతో రావడం, స్టోరీ చూసి నువ్వు ఎక్కడున్నావో తెలుసుకుని అక్కడ ప్రత్యక్షం కావడం, స్నేహితుల్ని ఆరా తీయడం. దానికి అర్థం ఏంటా అని కూర్చోకూడదు. అది వేధింపు. స్క్రీన్‌షాట్లు దాచుకుని, ఇంట్లో చెప్పి, ఫిర్యాదు చేయాలి. ప్రేమ ఉండి చేశాడా, లేకుండా చేశాడా అన్నది అక్కడ అనవసరం.

స్టోరీలు దాచిన మొదటి వారం ఆమెకి పెట్టడానికి ఏమీ తోచలేదు. పెట్టడం దాదాపు ఆగిపోయింది. తర్వాత ఒక నెలా పది రోజులకి మొక్కల ఫొటో ఒకటి పెట్టింది, ఎండిపోయిన మొక్క, కింద "ఎవరైనా కాపాడగలరా" అని. ఎంతమంది చూశారని అడిగితే, తెరవలేదు అంది. అబద్ధం ఆడుతోందేమో అనుకున్నాను, కానీ ఫోన్ తీసి చూసుకోవాలన్న తొందర కూడా మొహంలో కనిపించలేదు.

మొన్న ఆమె పుట్టినరోజు మళ్లీ వచ్చింది. ఇబ్బందైతే పంపనన్నవాడు ఈ ఏడాది పంపలేదు. అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఆ సంగతి ఆమె నాకు చెప్పింది రెండు రోజుల తర్వాత, అది కూడా కేకు మిగిలిపోయిందని డబ్బా నా టేబుల్ మీద పెడుతూ, మధ్యలో గుర్తొచ్చి.